సీఎల్, ఎస్ఎల్, ఈఎల్, ఎల్ఓపీ: సెలవు ఏ ఖాతాలో పెట్టాలి?

ఆఫీసు పోర్టల్లో సెలవు పెట్టడానికి కూర్చుంటే, తేదీ కన్నా ముందు అది అడిగేది సెలవు రకం. చాలామంది ఏ ఖాతాలో ఎక్కువ రోజులు కనబడితే దాన్ని నొక్కేసి పని అయిపోయిందనుకుంటారు. ఆ నొక్కుడు తాలూకు ఫలితం నెలాఖరున జీతం స్లిప్పులోనో, డిసెంబర్ 31న మురిగిపోయిన సెలవుల్లోనో, ఉద్యోగం మారేటప్పుడు చేతికి రాని డబ్బులోనో బయటపడుతుంది. నన్నడిగితే, సెలవు రకం ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నా కారణానికి ఈ రకం నిజంగా వర్తిస్తుందా? వర్తించేవి ఒకటి కన్నా ఎక్కువ ఉంటే, వాటిలో వాడకపోతే పోయేది ఏది, వాడకపోయినా మిగిలేది ఏది?

ఇక్కడ రాస్తున్నది ఏపీ, తెలంగాణల్లో ప్రైవేటు ఆఫీసుల్లో, షాపుల్లో, షోరూముల్లో పనిచేసేవాళ్ల గురించి. వీళ్లకు ఆధారం 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా అదే చట్టాన్ని తన పేరుతో కొనసాగిస్తోంది. దాని ప్రకారం ఏడాదికి 12 రోజుల వరకు క్యాజువల్ లీవు, 12 రోజుల వరకు సిక్ లీవు, 240 రోజులు పనిచేసినవాళ్లకు ఆ తర్వాతి పన్నెండు నెలల్లో 15 రోజుల ఎర్న్‌డ్ లీవు ఉంటాయి. మొదటి రెండూ చేరిన మొదటి ఏడాది నుంచే వర్తిస్తాయి, మూడోదానికి మాత్రం ఆగాలి. కంపెనీలు తమ పాలసీలో పేర్లు మార్చవచ్చు, సీఎల్, ఎస్ఎల్ కలిపి ఒకే ఖాతాగా ఇవ్వవచ్చు, ఈఎల్‌ను పీఎల్ అనవచ్చు. కాబట్టి హెచ్ఆర్ ఇచ్చిన లీవ్ పాలసీ పీడీఎఫ్ ఒకసారి తెరిచి చదువుకోవడం తప్పదు.

ప్రభుత్వ ఉద్యోగుల లెక్క వేరు. కేంద్ర ఉద్యోగులకు విడిగా సిక్ లీవు అనే ఖాతానే లేదు, హాఫ్ పే లీవును పూర్తి జీతపు సెలవుగా మార్చుకుంటారు. వాళ్ల ఈఎల్ 300 రోజుల దాకా పోగవుతుంది. టీచరుగా చేస్తున్న బాబాయి చెప్పిన రూలును పట్టుకొచ్చి మన కంపెనీ హెచ్ఆర్ దగ్గర వాదిస్తే లాభం లేదు.

ముందు సీఎల్, కానీ అన్నీ వాడేయకండి

క్యాజువల్ లీవు అంటే అప్పటికప్పుడు వచ్చిపడే చిన్న పనికి పెట్టేదని అందరికీ తెలుసు. బ్యాంకులో కేవైసీ, రిజిస్ట్రేషన్ ఆఫీసు, పిల్లల స్కూల్లో పేరెంట్స్ మీటింగ్, ఊళ్లో ఎవరో పోయారని ఫోన్, ఇలాంటివి. అయితే సీఎల్‌కు పని హఠాత్తుగానే రావాలని లేదు. చట్టం అడిగేది సబబైన కారణం ఒక్కటే. పది రోజుల ముందే తెలిసిన గృహప్రవేశానికి ఒక్క రోజు కావాలన్నా సీఎల్ పెట్టుకోవచ్చు. సాధారణంగా సీఎల్ వచ్చే ఏడాదికి పోదు, డబ్బుగానూ మారదు. ఒక్క రోజు పనికి ఈఎల్ ఖర్చు పెట్టి, ఏడాది చివర సీఎల్ మురగబెట్టుకోవడం నేను ఎక్కువగా చూసే పొరపాటు.

దీనికి రెండు హద్దులు ఉంటాయి. వరసగా రెండు మూడు రోజులకు మించి సీఎల్ ఇవ్వని కంపెనీలే ఎక్కువ. ఈఎల్‌తో కలిపి పెట్టనివ్వనివి కూడా చాలా ఉన్నాయి. ఇంకో విషయం, చాలాచోట్ల ఏడాది సీఎల్స్ అన్నీ జనవరిలోనే ఖాతాలో వేయరు, నెలకు ఒకటి చొప్పున వేస్తారు. ఏప్రిల్‌లో నాలుగు కనబడితే నాలుగే ఉన్నట్టు.

సీఎల్ ముందు వాడమన్నానని ఆగస్టుకల్లా సున్నా చేసుకోకండి. అర్ధరాత్రి ఊరి నుంచి ఫోన్ వచ్చి పొద్దున్నే బస్సెక్కాల్సిన రోజున పనికొచ్చేది అదే. ఈఎల్‌కు ముందస్తు నోటీసు అడుగుతారు, ఎస్ఎల్‌కు మన ఒంట్లో బాగోకపోవాలి. సీఎల్ లేకపోతే ఆ రోజు నేరుగా ఎల్ఓపీలోకి, అంటే జీతం లేని సెలవులోకి జారే ప్రమాదం ఉంది. డిసెంబర్ మొదటి వారం దాకా రెండు సీఎల్స్ పక్కన ఉంచుకుంటే చాలు, ఆ తర్వాత వాటిని నిశ్చింతగా వాడేయవచ్చు.

ఎస్ఎల్ ఎవరి జ్వరానికి?

ఎక్కువ గొడవలు వచ్చేది ఈ ఖాతాలోనే. చట్టంలో సిక్ లీవు ఉద్యోగి తన జబ్బుకు, తనకు జరిగిన ప్రమాదానికి మాత్రమే. పిల్లాడికి జ్వరమొస్తే, అమ్మకు కంటి ఆపరేషన్ అయితే, అది ఎస్ఎల్ కిందికి రాదు. కొన్ని కంపెనీలు కుటుంబ సభ్యుల అనారోగ్యానికీ ఒప్పుకుంటాయి, అలా ఉంటే పాలసీలో రాసి ఉంటుంది. రాసి లేకపోతే సీఎల్, ఎక్కువ రోజులైతే ఈఎల్ పెట్టాలి. "మా బాబుకు బాగోలేదు" అని కారణం రాసి రకం దగ్గర ఎస్ఎల్ నొక్కితే, మేనేజర్ మంచివాడై అప్రూవ్ చేసినా తర్వాత ఆడిట్‌లో హెచ్ఆర్ వెనక్కి తిప్పుతుంది. అప్పటికి జీతం పడిపోయి ఉంటుంది కాబట్టి, వచ్చే నెల జీతంలోంచి పట్టుకుంటారు.

ఒకటి రెండు రోజులకైతే షిఫ్ట్ మొదలయ్యేలోపు మెసేజ్ పెట్టి, తిరిగొచ్చాక పోర్టల్లో నింపితే సాధారణంగా సరిపోతుంది. అంతకు మించితే డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇక్కడ మన దగ్గర ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. జ్వరం వస్తే వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుని, ఆయన చిన్న చీటీయే సర్టిఫికెట్ అనుకుంటాం. కంపెనీ చూసేది మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న డాక్టరు స్టాంపు, సంతకం. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా విశ్రాంతి కావాలో అందులో ఉండాలి. మందుల చీటీ మీద ఆ తేదీలు ఉండవు కనుక అది సర్టిఫికెట్‌గా పనికిరాదు. వారానికి మించిన జబ్బయితే తిరిగి చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా అడగవచ్చు, ఆఖరి రోజు ఆస్పత్రికి వెళ్లినప్పుడే రాయించుకుంటే రెండోసారి తిరగక్కర్లేదు.

ఎస్ఎల్ కూడా చాలాచోట్ల ఏడాది చివర పోయేదే, డబ్బుగా మారదు. "ఎలాగూ పోతాయి కదా, పెళ్లికి వాడేసుకుంటే పోలా" అనిపించేది అందుకే. ఆ మాటకు సమాధానం కింది లెక్కలో చెబుతాను.

ఈఎల్ అంటే డబ్బు, కానీ ఎంత డబ్బు?

ఎర్న్‌డ్ లీవు మిగతా రెండింటిలా మురిగిపోదు. మన రాష్ట్రాల షాపుల చట్టంలో 60 రోజుల దాకా పోగు చేసుకోవచ్చు. ఫ్యాక్టరీ కార్మికులకు వేరే లెక్క ఉంది: 20 రోజుల పనికి ఒక రోజు, తర్వాతి ఏడాదికి 30 రోజుల దాకా మోసుకెళ్లవచ్చు, అడిగినా ఇవ్వకుండా తిరస్కరించిన రోజులకు ఆ 30 పరిమితి వర్తించదు. అందుకే ఈఎల్ అడిగి కాదనిపించుకుంటే, ఆ "కాదు" నోటిమాటగా కాకుండా పోర్టల్లోనో మెయిల్లోనో ఉండేలా చూసుకోవాలి.

ఉద్యోగం మానేటప్పుడు మిగిలిన ఈఎల్‌కు డబ్బిస్తారు కాబట్టి కొందరు దాన్ని ముట్టుకోరు. సెలవు కావాల్సినప్పుడు ఈఎల్ ఉండి కూడా "ఎల్ఓపీ వేయండి సార్, పర్లేదు" అంటారు. ఇది నష్టపు బేరం, ఎందుకో చూద్దాం. నెలకు గ్రాస్ 36,000, అందులో బేసిక్ 18,000 ఉన్న ఉద్యోగిని తీసుకోండి. జీతాన్ని 30తో భాగించే కంపెనీలో ఒక్క ఎల్ఓపీకి 1,200 రూపాయలు పోతాయి. అదే కంపెనీ ఈఎల్ ఎన్‌క్యాష్‌మెంట్‌ను బేసిక్ మీద లెక్కగడితే ఒక రోజుకు వచ్చేది 600. అంటే ఇవాళ 1,200 పోగొట్టుకుని ఎప్పుడో 600 దాచుకున్నట్టు. బేసిక్ రెట్టింపయ్యే దాకా ఆ రోజును దాచినా అప్పటికి అసలు మాత్రమే తిరిగొస్తుంది. గ్రాస్ మీద ఎన్‌క్యాష్ చేసే కంపెనీ అయితే ఈ తేడా ఉండదు, కానీ అలాంటివి తక్కువ. మీది ఏదో ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ నిబంధనల్లో ఉంటుంది. ఇంకా ఉద్యోగంలో ఉండగా ఎన్‌క్యాష్ చేసుకుంటే ఆ మొత్తం జీతంలాగే పన్నుకు వస్తుంది.

ఎల్ఓపీ తాలూకు అసలు ఖర్చు

జీతం లేని సెలవును మనవాళ్లు ఎల్ఓపీ అంటారు, కొన్ని స్లిప్పుల్లో ఎల్‌డబ్ల్యూపీ అని ఉంటుంది. పోయేది ఆ రోజు జీతమే అనుకుంటాం కానీ అంతటితో ఆగదు. పూర్తి బేసిక్ మీద పీఎఫ్ కట్టే చోట మన వాటాతో పాటు కంపెనీ వాటా కూడా ఆ మేరకు తగ్గుతుంది. స్లిప్పు మీద ఎల్ఓపీ రోజులు అచ్చవుతాయి. హోమ్ లోన్‌కు బ్యాంకువాళ్లు, కొత్త ఉద్యోగానికి వాళ్ల హెచ్ఆర్ అడిగేది ఆఖరి మూడు నెలల స్లిప్పులే కాబట్టి, అప్పుడు సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు.

అన్నిటికన్నా గట్టిగా తగిలేది శాండ్‌విచ్ రూలు. శుక్రవారం, సోమవారం సెలవు పెడితే మధ్యలో శని, ఆదివారాలు కూడా సెలవు కిందే లెక్కేస్తారు. పైన చెప్పిన ఉద్యోగికి శుక్ర, సోమవారాలు ఎల్ఓపీ అయితే 2,400 పోవాల్సిన చోట 4,800 పోతుంది. ఈ రూలు అన్ని కంపెనీల్లో లేదు, ఉన్నచోట కూడా అన్ని రకాలకూ వర్తించదు. కొందరు సీఎల్‌కు వదిలేసి ఈఎల్, ఎల్ఓపీలకే వేస్తారు. ఫ్యాక్టరీ కార్మికుల వార్షిక సెలవుల విషయంలో అయితే మధ్యలో, అటూ ఇటూ వచ్చే సెలవు దినాలను లెక్కలో కలపకూడదని చట్టంలోనే ఉంది.

మనం కోరుకోకుండా వచ్చిపడే ఎల్ఓపీ ఇంకొకటి ఉంది. సెలవు పెట్టాం, మేనేజర్ అప్రూవ్ చేయడం మరిచిపోయారు, ఈలోగా పేరోల్ క్లోజ్ అయింది. సిస్టమ్ దృష్టిలో మనం రాలేదు, అప్రూవ్ అయిన సెలవూ లేదు, జీతం కట్. చాలా కంపెనీల్లో ఈ కటాఫ్ 20, 25 తేదీల మధ్య ఉంటుంది. దాన్ని తర్వాత సరిచేయించుకోవచ్చు, వచ్చే నెల స్లిప్పులో ఎల్ఓపీ రివర్సల్ అని డబ్బు తిరిగొస్తుంది, కానీ ఈ నెల ఈఎంఐకి అది అందదు. కటాఫ్‌కు ముందు రోజు పోర్టల్ తెరిచి "పెండింగ్" అని ఏమైనా ఉందేమో చూసుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి.

ఒక పెళ్లి, ఒక జ్వరం

ఉప్పల్‌లో ఉంటూ ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో చేసే అమ్మాయి ఉందనుకుందాం. జీతం పైన చెప్పినదే. నవంబర్ నెల, ఖాతాలో సీఎల్ 2, ఎస్ఎల్ 9, ఈఎల్ 14 ఉన్నాయి. భీమవరంలో చెల్లెలి పెళ్లి. గురువారం, శుక్రవారం, తర్వాత సోమ, మంగళవారాలు సెలవు కావాలి. వాళ్ల పాలసీలో శాండ్‌విచ్ రూలు ఈఎల్‌కు ఉంది, సీఎల్‌కు లేదు, రెండూ కలిపి పెట్టకూడదు.

నాలుగు రోజులకూ ఎస్ఎల్ పెట్టేయమని పక్క సీటు వాళ్లు చెబుతారు, తొమ్మిదీ మరో నెలన్నరలో ఎలాగూ పోతాయి కాబట్టి. నేను వద్దంటాను. రెండు రోజులు దాటగానే సర్టిఫికెట్ కావాలి, లేని జబ్బుకు సర్టిఫికెట్ తేవడం అంటే దొంగ కాగితం ఇవ్వడం. పని ఎగ్గొట్టినందుకు మహా అయితే మెమో ఇస్తారు, దొంగ కాగితం ఇచ్చినందుకు ఉద్యోగం తీసేయగలరు. పైగా ఆఫీసులో సగం మంది ఆమె వాట్సాప్ స్టేటస్‌లో పెళ్లి ఫొటోలు చూస్తూనే ఉంటారు.

మిగిలిన దారి ఈఎల్. గురువారం నుంచి మంగళవారం దాకా ఒకే అభ్యర్థనగా పెడితే శని, ఆదివారాలతో కలిపి ఆరు ఈఎల్స్ పోతాయి, ఎనిమిది మిగులుతాయి. రెండు రోజులు అనవసరంగా పోతున్నాయి కదా అని గురు, శుక్రవారాలకు సీఎల్, సోమ, మంగళవారాలకు ఈఎల్ అని విడగొడితే ఆ కంపెనీలో అది కలిపి పెట్టడం కిందే వస్తుంది, సిస్టమ్ ఒప్పుకోదు, లేదా ఒప్పుకున్నాక హెచ్ఆర్ తిప్పి పంపుతుంది. శుక్రవారం సాయంత్రం పెళ్లయితే గురు, శుక్రవారాలు రెండు సీఎల్స్ పెట్టి ఆదివారం రాత్రి బస్సుకు తిరిగొచ్చేయడం అన్నిటికన్నా చౌక. కానీ సొంత చెల్లెలి పెళ్లికి వెళ్లి అప్పగింతలు కాగానే బస్సెక్కమని నేను చెప్పలేను. ఆరు ఈఎల్స్ పోయినా జీతంలో ఒక్క రూపాయి తగ్గదు, అత్యవసరానికి రెండు సీఎల్స్ అలాగే ఉంటాయి. నా ఓటు దానికే.

ఇప్పుడు ఆమె బుధవారం పొద్దున్న 102 జ్వరంతో లేచింది. సెలవు పొడిగిస్తున్నానని పాత ఈఎల్ అభ్యర్థననే శుక్రవారం దాకా సాగదీయడం తేలిగ్గా కనబడుతుంది, కానీ అలా చేస్తే ఇంకో మూడు ఈఎల్స్ పోతాయి. బుధవారం నుంచి శుక్రవారం దాకా కొత్తగా ఎస్ఎల్ అభ్యర్థన పెట్టి, మూడు రోజులు కాబట్టి సర్టిఫికెట్ జతచేయాలి. ఈఎల్ తర్వాత వెంటనే ఎస్ఎల్ వస్తే హెచ్ఆర్‌కు అనుమానం సహజం, అందుకే సర్టిఫికెట్ తేదీ బుధవారమే అయి ఉండాలి. జ్వరం తగ్గాక శనివారం వెళ్లి వెనక తేదీ వేయమంటే మంచి డాక్టరు వేయరు. సోమవారమే, అంటే పెళ్లింట్లో ఉండగానే జ్వరం వచ్చి ఉంటే, ఆ రోజుల ఈఎల్‌ను ఎస్ఎల్‌గా మార్చమని అడగవచ్చా అంటే, కొన్ని కంపెనీలు భీమవరం డాక్టరు సర్టిఫికెట్ చూపిస్తే మారుస్తాయి. అడగడంలో పోయేదేమీ లేదు.

ఈఎస్ఐ ఉన్నవాళ్లకు లెక్క మారుతుంది

నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతున్నవాళ్లకు ఎల్ఓపీ అన్నిసార్లూ నష్టం కాదు. జబ్బు చేసి ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే సగటు రోజు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా సిక్‌నెస్ బెనిఫిట్‌గా వస్తుంది. దానికి సంబంధిత ఆరు నెలల కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. మెలిక ఎక్కడంటే, కంపెనీ జీతంతో కూడిన సెలవు ఇచ్చిన రోజుకు ఈఎస్ఐ డబ్బు రాదు. ఒక రోజుకు రెండు చోట్లా తీసుకోలేం. జబ్బు మొదలైన తొలి రెండు రోజులకు కూడా ఈఎస్ఐ మామూలుగా ఇవ్వదు.

18,000 జీతం ఉన్న ఒక షోరూమ్ ఉద్యోగికి కామెర్లు వచ్చి 22 రోజులు మంచాన పడ్డాడనుకుందాం. రోజు జీతం 600, ఈఎస్ఐ ఇచ్చేది 420. అతని దగ్గర ఎస్ఎల్ 5, ఈఎల్ 6 ఉన్నాయి. మొదటి ఐదు రోజులకు ఎస్ఎల్ పెడితే పూర్తి జీతం వస్తుంది, ఈఎస్ఐ ఇవ్వని ఆ తొలి రెండు రోజులూ అందులోనే కలిసిపోతాయి. మిగిలిన 17 రోజులకు ఈఎల్ కూడా వాడేస్తే 6 రోజులకు 3,600, ఈఎస్ఐ నుంచి 11 రోజులకు 4,620, మొత్తం 8,220 వస్తాయి. ఈఎల్ ముట్టుకోకుండా 17 రోజులూ ఎల్ఓపీ వేయించుకుని ఈఎస్ఐకి వెళితే 7,140 వస్తాయి. తేడా 1,080 మాత్రమే, ఆరు ఈఎల్స్ భద్రంగా ఉంటాయి. నేనైతే రెండోదే ఎంచుకోమంటాను. అయితే సర్టిఫికెట్ మొదటి రోజు నుంచే ఈఎస్ఐ డిస్పెన్సరీలో తీసుకోవాలి. ప్రైవేటు డాక్టరు దగ్గర వారం తిరిగి, ఆ తర్వాత ఈఎస్ఐ గుర్తొస్తే ఆ వారం చేతికి రాదు. అభ్యర్థనలో కూడా "ఆరో రోజు నుంచి ఈఎస్ఐ క్లెయిమ్ చేస్తున్నాను, ఈఎల్ వాడవద్దు" అని స్పష్టంగా రాయాలి. రాయకపోతే చాలా సిస్టమ్‌లు ఖాతాలో ఉన్న ఈఎల్‌ను తామే తగ్గించేస్తాయి.

అభ్యర్థనలో ఏం రాయాలి

సీఎల్‌కు కారణం ఒక్క వాక్యం చాలు: "సార్, సొంత పని మీద శుక్రవారం ఒక్క రోజు సీఎల్ కావాలి." అంతకన్నా కథ అక్కర్లేదు. ఎస్ఎల్‌కు జబ్బు వివరాలన్నీ మేనేజర్‌కు చెప్పాల్సిన పని లేదు, తేదీలు, సర్టిఫికెట్ ఉంటే సరిపోతుంది. ఈఎల్‌కు మాత్రం కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే దాన్ని పని చూసి వాయిదా వేసే అధికారం మేనేజర్‌కు ఉంటుంది: "సార్, మా చెల్లి పెళ్లి ఉంది. గురువారం నుంచి వచ్చే మంగళవారం వరకు ఈఎల్ ఇవ్వగలరు. జీఎస్టీ రిటర్న్ పని బుధవారానికే పూర్తి చేస్తాను, ఆ నాలుగు రోజులు వెండర్ బిల్లులు మా టీమ్‌లో ఒకరు చూసుకుంటారు, వారితో మాట్లాడాను." ఎల్ఓపీ తప్పనిసరైతే "ఖాతాలో సెలవులు లేనందున" అనే మాట చేర్చాలి. అప్పుడది ముందే చెప్పి, అనుమతి తీసుకున్న సెలవని రికార్డులో ఉంటుంది. చెప్పకుండా మానేసిన రోజుకూ పోయేది జీతమే కానీ, దాన్ని అనధికార గైర్హాజరు అంటారు, అప్రైజల్ ఫైల్లో రెండూ ఒకలా కనబడవు.

నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్లు ఇంకొంచెం ఆలోచించాలి. ఆ రోజుల్లో ఈఎల్ పెట్టనివ్వని కంపెనీలు చాలా ఉన్నాయి, ఎల్ఓపీ పెడితే అన్ని రోజులు ఆఖరి పనిదినాన్ని వాయిదా వేస్తాయి. కొత్త కంపెనీలో చేరే తేదీ ఖాయమైపోయి ఉంటే, ఆ కొద్ది రోజుల జరుగుడే రిలీవింగ్ లెటర్ ఆలస్యం కావడానికి కారణమవుతుంది. కాబట్టి రాజీనామా ఇవ్వబోతున్నామని మనసులో అనుకున్నాక, మెయిల్ పంపడానికి ముందే మిగిలిన సీఎల్స్, తీసుకోవాల్సిన ఈఎల్స్ వాడుకుని, నోటీసులోకి ఎస్ఎల్ ఒక్కటే మిగుల్చుకుని వెళ్లడం మేలు.